ఫెడ్ డబ్బు లాగేస్తున్నా షేర్లెందుకు పెరిగాయి?

2022 జూన్‌లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తన దగ్గరున్న బాండ్లను తగ్గించుకోవడం మొదలుపెట్టింది. ఆ ఏడాది షేర్లు, బాండ్లు, బిట్‌కాయిన్ మూడూ పడ్డాయి. 2023లోనూ ఫెడ్ ఆ పని ఆపలేదు. అయినా షేర్లు బాగా లేచాయి, బిట్‌కాయిన్ ధర రెట్టింపు దాటింది.

సంగతి కొవిడ్ నాటి నుంచి చూడాలి. 2020 మార్చిలో మార్కెట్లు కుప్పకూలగానే ఫెడ్ ప్రభుత్వ బాండ్లను, ఇళ్ల రుణాలపై జారీ అయిన బాండ్లను పెద్ద ఎత్తున కొంది. దీన్నే క్వాంటిటేటివ్ ఈజింగ్ అంటారు. అందుకు నోట్లేమీ అచ్చు వేయలేదు. ఫెడ్‌లో బ్యాంకులకుండే ఖాతాల్లో అంకె పెంచింది. ఆ నిల్వలే రిజర్వులు. అంత గిరాకీతో బాండ్ల ధర పెరిగి, రాబడి తగ్గింది. బాండ్లు అమ్మిన ఫండ్ల చేతిలో డబ్బుంది గానీ చెప్పుకోదగ్గ వడ్డీ ఎక్కడా లేదు. అందులో కొంత షేర్లవైపు మళ్లింది. తెగువ ఉన్నవాళ్లు క్రిప్టోలోనూ పెట్టారు. ఫెడ్ ఆస్తులు 4 లక్షల కోట్ల డాలర్ల పైనుంచి రెండేళ్లలో దాదాపు 9 లక్షల కోట్లకు చేరాయి.

టైటెనింగ్ అంటే వాటిని అంగట్లో అమ్మేయడం కాదు. గడువు తీరిన బాండ్ల డబ్బును, నెలకు ఇంత అన్న పరిమితి మేరకు, తిరిగి పెట్టకుండా వదిలేస్తారు. అసలు చెల్లించడానికి ప్రభుత్వం మార్కెట్లో కొత్త అప్పు చేస్తుంది. అలా వ్యవస్థలోని డబ్బు ఫెడ్‌కు చేరి మాయమవుతుంది.

అయితే ఎవరి డబ్బు? కిటుకంతా ఇక్కడే ఉంది. 2022 చివరికి మనీ మార్కెట్ ఫండ్లు రివర్స్ రెపో పేరుతో దాదాపు 2.5 లక్షల కోట్ల డాలర్లను రాత్రికి రాత్రి వడ్డీకి ఫెడ్ దగ్గరే దాచుకున్నాయి. చెరువు పక్కన నిండిన కుంటలాంటిదది. 2023లో ప్రభుత్వం స్వల్పకాలిక బిల్లులు విపరీతంగా జారీ చేస్తే, ఫండ్లు ఆ సొమ్ము తీసి వాటిని కొన్నాయి. కుంట ఇంకింది. బ్యాంకుల రిజర్వులు తగ్గలేదు సరికదా, కాస్త పెరిగాయి. షేర్ల పరుగుకు కృత్రిమ మేధపై ఆశలూ తోడయ్యాయి కాబట్టి ఘనత మొత్తం దీనికే ఇవ్వలేం. 2022 పతనంలోనూ వేగంగా పెరిగిన వడ్డీ రేట్లు, ఎఫ్‌టీఎక్స్ కుప్పకూలడం వంటివి ఉన్నాయి. ఏ కారణం వాటా ఎంతో విడదీయడం ఆర్థికవేత్తలకే తలకుమించిన పని.

అందుకే ఫెడ్ మొత్తం ఆస్తుల గీత ఒక్కటే చూసి షేర్ల జోస్యం చెప్పేవారిని నేను నమ్మను. ప్రతి గురువారం ఫెడ్ విడుదల చేసే పట్టికలో రిజర్వులు, రివర్స్ రెపో, ప్రభుత్వ ఖాతా నిల్వ కూడా కలిపి చూడాలి. రిజర్వులు మరీ పలచబడితే మొదట తెలిసేది ఒక్క రాత్రికి తీసుకునే అప్పుల వడ్డీలోనే. 2019 సెప్టెంబరులో అది ఒక దశలో 10 శాతం దాకా ఎగబాకింది. 2025లో రివర్స్ రెపో దాదాపు ఖాళీ అయ్యాక ఆ వడ్డీలు మళ్లీ బిగుసుకోసాగాయి. డిసెంబరు 1న ఫెడ్ టైటెనింగ్ ఆపేసింది.