హెచ్‌ఆర్‌ఏ లెక్క: మూడింటిలో ఏది తక్కువ?

హైదరాబాద్‌లో నెలకు 35 వేలు అద్దె కట్టే ఉద్యోగికి కంపెనీ హెచ్‌ఆర్‌ఏ కింద 40 వేలు ఇస్తోంది. కట్టిన అద్దె మొత్తానికీ పన్ను ఉండదన్న ధీమాతో ఆయన రసీదులన్నీ ఇచ్చేశాడు. తీరా ఫారం 16 చేతికొచ్చాక చూస్తే, పన్ను పడకుండా పోయింది నెలకు 27 వేలే. మిగతా 13 వేలు జీతంలో కలిసిపోయి పన్నులోకి వచ్చాయి. అకౌంట్స్ విభాగం ఎక్కడో తప్పు చేసిందని ఇలాంటప్పుడు చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ లెక్క సరిగ్గానే ఉంది.

ఇంటి అద్దె భత్యం మీద మినహాయింపు ఆదాయపు పన్ను చట్టం, 1961లోని 10(13ఎ) సెక్షన్ కింద వస్తుంది. ఎంత మినహాయించాలో 2ఎ నిబంధన చెబుతుంది. దాని ప్రకారం మూడు అంకెలు వేసుకోవాలి. మొదటిది, కంపెనీ నిజంగా ఇచ్చిన హెచ్‌ఆర్‌ఏ. రెండోది, కట్టిన అద్దెలోంచి జీతంలో పది శాతం తీసేయగా మిగిలినది. మూడోది, జీతంలో 40 శాతం. అయితే ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నైలలో ఉండేవారికి ఈ మూడోది 50 శాతం. ఈ మూడింటిలో ఏది అన్నిటికంటే తక్కువో దానికే పన్ను ఉండదు. ఇక్కడి లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. ఆ తర్వాతి ఏడాది, అంటే 2026 ఏప్రిల్ 1 నుంచి, 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది కాబట్టి, అప్పటి లెక్కకు నగరాల జాబితాను కొత్త నిబంధనల్లోనే చూసుకోవాలి.

ఇక్కడ ‘జీతం’ అంటే బ్యాంకు ఖాతాలో పడే మొత్తం కాదు. మూలవేతనం, దానికి తోడు పదవీ విరమణ ప్రయోజనాల లెక్కలోకి వచ్చే డీఏ, అమ్మకాల మీద ఇంత శాతమని ముందే ఖరారైన కమీషన్ ఉంటే అది. అంతే. స్పెషల్ అలవెన్స్, బోనస్ ఈ లెక్కలోకి రావు. ప్రైవేటు కంపెనీల్లో డీఏ చాలాచోట్ల ఉండదు కనుక పే స్లిప్‌లో బేసిక్ అని ఉన్న అంకె ఒక్కటే చాలు. ప్రభుత్వోద్యోగి మాత్రం డీఏను కూడా కలుపుకోవాలి. డీఏ పెరిగిన ప్రతిసారీ ఆ పది శాతం కూడా పెరుగుతుంది.

ఇప్పుడు ఆ 35 వేల అద్దె ఉద్యోగి లెక్క వేద్దాం. బేసిక్ నెలకు 80,000. హెచ్‌ఆర్‌ఏ అందులో సగం, 40,000. మొదటి అంకె 40,000. అద్దె 35,000లోంచి బేసిక్‌లో పది శాతం, అంటే 8,000 తీసేస్తే రెండో అంకె 27,000. హైదరాబాద్ కనుక బేసిక్‌లో 40 శాతం, 32,000 మూడో అంకె. వీటిలో చిన్నది 27,000. మినహాయింపు అంతే.

అద్దెలో కొంత భాగం, జీతంలో పదో వంతు మేరకు, ఉద్యోగే భరించుకోవాలన్నట్టుగా ఉంటుంది రెండో అంకె. అందుకే కట్టిన అద్దె మొత్తానికి మినహాయింపు ఎప్పటికీ రాదు. ఇదే ఉద్యోగి నెలకు 8,000 ఇచ్చి హాస్టల్లో ఉంటే రెండో అంకె సున్నా అవుతుంది. కంపెనీ ఎంత హెచ్‌ఆర్‌ఏ ఇచ్చినా అంతటికీ పన్ను కట్టాల్సిందే.

హైదరాబాద్ ఉద్యోగులు తరచూ చెప్పుకునే బాధ ఒకటుంది: ఇక్కడ అద్దెలు చెన్నైతో పోటీ పడుతున్నా మనకు 40 శాతమే ఎందుకని. ఆ బాధలో న్యాయం ఉన్నా, దానివల్ల నష్టం అందరికీ లేదు. పై ఉద్యోగే చెన్నైలో ఉన్నాడనుకుంటే మూడో అంకె 32,000 నుంచి 40,000కు పెరుగుతుంది. రెండోది మాత్రం 27,000 దగ్గరే ఉంటుంది. మినహాయింపులో ఒక్క రూపాయి మారదు. హైదరాబాద్‌లో అద్దె బేసిక్‌లో సగం దాటితేనే, అదీ హెచ్‌ఆర్‌ఏ బేసిక్‌లో 40 శాతం కంటే ఎక్కువ ఉంటేనే, ఆ 40 శాతం గీత అడ్డొస్తుంది. అంతకు తక్కువ అద్దె కట్టేవారికి ఏ ఊళ్లో ఉన్నా లెక్క ఒకటే.

ఏడాది మధ్యలో ఏదైనా మారితే కథ మలుపు తిరుగుతుంది. మన ఉద్యోగికి అక్టోబరులో జీతం పెరిగిందనుకుందాం. బేసిక్ 90,000, హెచ్‌ఆర్‌ఏ 45,000 అయ్యాయి. ఇల్లు అదే, అద్దె అదే. ఇప్పుడు పది శాతం 9,000 కనుక రెండో అంకె 26,000కు దిగింది. హెచ్‌ఆర్‌ఏ ఐదు వేలు పెరిగితే మినహాయింపు వెయ్యి తగ్గింది! జీతం పెరిగాక పన్ను అనుకున్నదానికంటే ఎక్కువ కోతపడటానికి ఇదీ ఒక కారణం.

జనవరిలో ఆయన పెద్ద ఇంటికి మారాడు. అద్దె 48,000. ఇప్పుడు హెచ్‌ఆర్‌ఏ 45,000, అద్దెలోంచి పది శాతం పోగా 39,000, బేసిక్‌లో 40 శాతం 36,000. తొలిసారి మూడో అంకె చిన్నదైంది. అద్దె సగం బేసిక్‌ను, అంటే 45,000ను దాటినందువల్లే ఇలా జరిగింది. ఈ మూడు నెలల్లో చెన్నైలో ఉంటే 39,000 వచ్చేది. నెలకు మూడు వేల తేడా నిజంగా ఊరి వల్లే.

ఏడాది మొత్తం కూడితే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఆరు నెలలకు 1,62,000, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు 78,000, చివరి మూడు నెలలకు 1,08,000. మొత్తం 3,48,000. ఆయన అందుకున్న హెచ్‌ఆర్‌ఏ 5,10,000. అంటే 1,62,000 జీతంలో కలిసి పన్నులోకి వస్తుంది.

ఇదే లెక్కను నెలలవారీగా విడగొట్టకుండా ఏడాది మొత్తాలతో వేస్తే ఏమవుతుంది? ఏడాది బేసిక్ 10,20,000, అద్దె 4,59,000. అద్దెలోంచి 1,02,000 తీసేస్తే 3,57,000 వస్తుంది. బేసిక్‌లో 40 శాతం 4,08,000. చిన్నది 3,57,000 అని రాసేస్తే 9,000 ఎక్కువ క్లెయిమ్ చేసినట్టే. చివరి మూడు నెలల్లో 40 శాతం గీతకు పైన ఉన్న అద్దె, మొదటి నెలల్లో గీతకు కింద మిగిలిన జాగాలో కలిసిపోవడమే ఈ తేడాకు కారణం. బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, అద్దె, ఊరు, ఈ నాలుగింటిలో ఏది మారినా అక్కడి నుంచి కొత్త లెక్క మొదలుపెట్టాలి. మధ్యలో ఒక నెల అద్దె కట్టకుండా బంధువుల ఇంట్లో ఉంటే, ఆ నెల హెచ్‌ఆర్‌ఏకు మినహాయింపేమీ ఉండదు.

అద్దె అన్న మాట దగ్గరా పొరపాట్లు జరుగుతుంటాయి. అపార్ట్‌మెంట్ సంఘానికి విడిగా కట్టే మెయింటెనెన్స్ అద్దె కాదు. ఇంట్లో చేరేటప్పుడు ఇచ్చి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి తీసుకునే అడ్వాన్సూ కాదు. ఇంటి ఓనరుకు ఇల్లు వాడుకున్నందుకు ఇచ్చిందే అద్దె. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే ఓనరు పాన్ నంబరును ఫారం 12బీబీలో కంపెనీకి ఇవ్వాలి. పాన్ ఇవ్వనని మొండికేసే ఓనర్లు ఉంటారు. ఈ సంగతి ఇంట్లో చేరకముందే తేల్చుకోవడం నయం, ఎందుకంటే పాన్ లేకపోతే కంపెనీ మినహాయింపు ఇవ్వక పన్ను కోసేస్తుంది.

తల్లిదండ్రుల పేరున ఉన్న ఇంట్లో వాళ్లకే అద్దె కడుతున్నామని చూపించవచ్చు. కాకపోతే డబ్బు నిజంగా వాళ్ల ఖాతాకు వెళ్లాలి, రిటర్ను వేయాల్సినంత ఆదాయం ఉంటే వాళ్లు దాన్ని అద్దె ఆదాయంగా చూపాలి. మార్చి నెలాఖరులో ఒకే సిరాతో పన్నెండు రసీదులు రాసి, ఖాతాలో ఒక్క చెల్లింపూ లేకపోతే, నోటీసు వచ్చిన రోజున చూపించడానికి ఏమీ మిగలదు.

ఇంత లెక్కా పాత పన్ను పద్ధతి ఎంచుకున్నవారికే. కొత్త పద్ధతిలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లేదు, పైగా ఏదీ ఎంచుకోకపోతే వర్తించేది కొత్తదే. 2025-26లో 12,75,000 వరకు జీతం మాత్రమే ఉన్నవారికి కొత్త పద్ధతిలో పన్నే పడదు. కాబట్టి అంతకు పైన జీతం ఉన్నవారే ఈ మూడు అంకెల గురించి తల పట్టుకోవాలి.

మన ఉద్యోగి ఏడాది జీతం అన్నీ కలిపి 21 లక్షలు అనుకుందాం. కొత్త పద్ధతిలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా, సెస్సు కలపకముందు పన్ను 2,06,250. పాత పద్ధతిలో అంతే పన్ను రావాలంటే మినహాయింపులు, తగ్గింపులు అన్నీ కలిపి 7,87,500 ఉండాలి. హెచ్‌ఆర్‌ఏ 3,48,000, స్టాండర్డ్ డిడక్షన్ 50,000, పీఎఫ్, జీవిత బీమా వగైరాలకు 80సీ కింద 1,50,000 కలిపితే 5,48,000. ఇంకా 2,39,500 తక్కువ. హెచ్‌ఆర్‌ఏ ఎంత జాగ్రత్తగా లెక్కగట్టినా, ఇంతవరకే అయితే కొత్త పద్ధతే లాభం.

ఆయనకు విజయవాడలో తల్లిదండ్రులు ఉంటున్న సొంత ఇల్లు ఉండి, దాని గృహరుణం మీద ఏడాదికి రెండు లక్షల వడ్డీ కడుతున్నాడంటే పరిస్థితి వేరు. ఉద్యోగం హైదరాబాద్‌లో, అద్దె హైదరాబాద్‌లో, సొంత ఇల్లు వేరే ఊళ్లో కనుక అద్దె మినహాయింపు, వడ్డీ తగ్గింపు రెండూ దొరుకుతాయి. అప్పటికి లోటు 39,500. అరవై దాటిన తల్లిదండ్రుల ఆరోగ్య బీమాకు 50,000 వరకు తగ్గింపు ఉంది కనుక, వాళ్ల ప్రీమియం 40,000 కడుతుంటే తూకం పాత పద్ధతి వైపు మొగ్గుతుంది. లాభం మాత్రం 150 రూపాయలే! సొంత ప్రీమియం 25,000 కూడా ఉంటే అది మరో 7,500 పెరుగుతుంది. వ్యాపార ఆదాయం లేని జీతగాడు ఏ పద్ధతి కావాలో రిటర్ను వేసేటప్పుడు, గడువు తేదీ దాటకముందే ఎంచుకోవచ్చు. కంపెనీకి రసీదులు సమయానికి ఇవ్వలేకపోయినవారు కూడా అప్పుడే మినహాయింపు చూపించి, ఎక్కువ కోసిన పన్నును వాపసు అడగవచ్చు.