మాట ముందా, ఆధారం ముందా?

మేముండే అరిజోనాలో, దక్షిణాన ఉన్న కొండల్లో కొవాటీ అనే జంతువు తిరుగుతుంటుంది. పొడుగు మూతి, పైకెత్తిన చారల తోక. అయిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి దాన్నే ఎంచుకుంది. తను రాసింది చూస్తుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "దీన్ని బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్ అని కూడా అంటారు" అని ఉంది.

నేను డిగ్రీలో జువాలజీ చదువుకున్నాను. ఆర్డ్‌వార్క్ ఆఫ్రికా జంతువు. కొవాటీ రకూన్ కుటుంబానికి చెందినది. రెంటికీ మూతి పొడుగన్న పోలికే తప్ప చుట్టరికమేమీ లేదు. అదే మాట చెబితే మా అమ్మాయి ఒప్పుకోలేదు. "పేపర్లో కూడా రాశారమ్మా" అంటూ బ్రిటన్ పత్రిక కథనమొకటి చూపించింది. "అయినా కోలా బేర్ నిజంగా ఎలుగుబంటా?" అని ఎదురు ప్రశ్న వేసింది.

అక్కడ నేను తగ్గాల్సి వచ్చింది. వాడుక పేర్లకి శాస్త్రంతో పనిలేదు. జనం నిజంగా అలా పిలుస్తున్నారా అన్నది నా డిగ్రీ తేల్చదు. సరే, ఈ మాట ఎప్పుడు పుట్టిందో చూద్దామని ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం.

ఇంగ్లీషు వికీపీడియాలో ప్రతి వ్యాసం పైన View history అని ఉంటుంది. నొక్కితే ఆ వ్యాసంలో జరిగిన మార్పులన్నీ తేదీల వారీగా కనిపిస్తాయి. ఒక్కో తేదీ మీద నొక్కితే ఆ రోజు వ్యాసం ఎలా ఉందో మొత్తం తెరుచుకుంటుంది. ఒక మాట ఎప్పుడు చేరిందో తెలియాలంటే అన్నీ చదవక్కర్లేదు. నిఘంటువులో మాట వెతికినట్టు సగానికి సగం తగ్గించుకుంటూ పోవచ్చు. 2007 నాటి వ్యాసం తెరిచి చూడండి, ఆ పేరు లేదు. 2009 నాటిది తెరిస్తే ఉంది. అంటే మధ్యలో చేరింది. ఇలా వెతుక్కుంటూ పోతే 2008 జులైకి చేరతాం. ఆ వరుస పక్కనున్న prev నొక్కితే పాత వ్యాసం ఎడమవైపు, కొత్తది కుడివైపు పక్కపక్కనే వస్తాయి. ఏ మాట చేర్చారో రంగుతో తెలుస్తుంది.

ఆ మాట చేర్చింది న్యూయార్క్‌కి చెందిన పదిహేడేళ్ళ విద్యార్థి. సరదాకి తనే కల్పించిన పేరది. ఆధారమేమీ ఇవ్వలేదు. ఈ సంగతి 2014లో న్యూయార్కర్ పత్రిక రాసింది. ఈలోగా ఆ పేరు ఎన్నో వెబ్‌సైట్లకీ, బ్రిటన్ పత్రికలకీ, చివరికి ఒక విశ్వవిద్యాలయం ప్రచురించిన పుస్తకానికీ పాకింది. తర్వాత అలాంటి పత్రికా కథనాన్నే వికీపీడియాలో ఆ మాటకి ఆధారంగా పెట్టారు. మాట ముందు పుట్టింది, ఆధారం తర్వాత పుట్టింది.

అందుకే వ్యాసం అడుగున References కింద ఆధారం ఉందా లేదా అని చూస్తే చాలదు. వాక్యం చివర ఉన్న చిన్న అంకె నొక్కి, ఆ ఆధారం ఏ సంవత్సరానిదో చూడాలి. తర్వాత చరిత్రలో ఆ వాక్యం చేరిన తేదీతో పోల్చాలి. ఆధారం పాతదైతే దాన్ని తెరిచి, ఆ మాట నిజంగా అందులో ఉందో లేదో చదవాలి. కొత్తదైతే అది వికీపీడియా నుంచే ఎత్తిరాసిందేమోనని అనుమానించాలి. కొత్తదైనంత మాత్రాన తప్పని కాదు. వికీపీడియా కంటే ముందున్న పుస్తకంలో ఆ మాట దొరికితే అనుమానం తీరినట్టే.

వ్యాసం పైన ఎడమవైపు Talk అని ఇంకోటి ఉంటుంది. వ్యాసం రాసేవాళ్ళు వాదులాడుకునే చోటు అది. మన అనుమానం ముందే ఎవరికైనా వచ్చిందా అన్నది అక్కడ తెలుస్తుంది. పాత చర్చలు విడిగా దాచి ఉంటాయి కాబట్టి వాటిలోనూ వెతకాలి. అక్కడ ఎవరు గట్టిగా అరిచారన్నది కాదు, ఎవరు పుస్తకం పేరూ పేజీ నంబరూ ఇచ్చారన్నది చూడాలి.

తెలుగు వికీపీడియాలోనూ చర్చ, చరిత్ర, మూలాలు ఇలాగే ఉంటాయి. కాకపోతే చాలా వ్యాసాల్లో చర్చ పేజీ ఖాళీగా ఉంటుంది. ఎవరూ తప్పుపట్టలేదంటే ఒప్పని కాదు. చూసినవాళ్ళే తక్కువ కావచ్చు. అలాంటి చోట మూలాల మీదే ఎక్కువ ఆధారపడాలి.

మా అమ్మాయి ఆ వాక్యం కొట్టేస్తుందనుకున్నాను. కొట్టేయలేదు. దాని కింద ఇంకొకటి చేర్చింది: "ఈ పేరు 2008కి ముందు లేదు. ఎవరో సరదాకి పెట్టారు."