మందు దిగిపోతుంది, భయమే దిగదు

శోభనం రోజు సాయంత్రం స్నేహితులు పెళ్లికొడుకును పక్కకు తీసుకెళ్తారు. ‘కాస్త వేసుకో, బెరుకు పోతుంది’ అంటూ మొదలైన పెగ్గు క్వార్టర్ దాకా వెళ్తుంది. రాత్రి గదిలోకి అడుగుపెట్టాక మనసులో కోరిక ఉంటుంది గానీ శరీరం మాట వినదు. అంగం గట్టిపడదు, గట్టిపడ్డా నిలవదు. తెల్లారేసరికి అతన్ని ఒకటే ప్రశ్న తొలిచేస్తుంది: నాలో లోపం ఉందా?

ముందు ఆ రాత్రి లెక్క చూద్దాం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మామూలు విస్కీలో అయితే అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ అయినా, కాలేయం గంటకు 7, 8 గ్రాములకు మించి కరిగించలేదు. 8 గంటలకు తాగడం మొదలుపెట్టి 11 గంటలకు గదిలోకి వెళ్లిన మనిషి ఒంట్లో, తాగినదాంట్లో మూడింట రెండు వంతులు ఇంకా అలాగే ఉంటుంది. నిమ్మరసం తాగినా, బ్లాక్ కాఫీ తాగినా, తలస్నానం చేసినా అది త్వరగా దిగదు.

అంగస్తంభన మెదడు దగ్గర మొదలవుతుంది. కోరిక కలగగానే మెదడు నుంచి వెన్నుపాము మీదుగా నరాలకు కబురు వెళ్తుంది. అక్కడ నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై, అంగంలోని రక్తనాళాల కండరాలు వదులవుతాయి. రక్తం లోపలికి పోటెత్తుతుంది, తిరిగి బయటికి పోయే దారులు నొక్కుకుపోతాయి. అంగం గట్టిపడేది అప్పుడే. ఆల్కహాల్ మెదడును, నరాలను మందగింపజేస్తుంది. బెరుకు పోగొట్టే ఆ మత్తే ఈ కబురునూ బలహీనపరుస్తుంది. అందుకే కోరిక ఉన్నా పని జరగదు. పైగా పెళ్లి పనుల అలసట, నిద్రలేమి, కొత్త మనిషి దగ్గర సహజంగా ఉండే కంగారు కూడా తోడవుతాయి. ఆ రాత్రి జరిగింది మత్తు ప్రభావమే, రోగం కాదు.

అసలు సమస్య రెండో రాత్రి మొదలవుతుంది.

అమెరికాలో లైంగిక సమస్యలపై పరిశోధన చేసిన విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ 1970లో వెలువరించిన పుస్తకంలో సరిగ్గా ఈ క్రమాన్నే వివరించారు. బాగా తాగిన రాత్రి విఫలమైన మగవాడు మర్నాడంతా దాని గురించే ఆలోచిస్తాడు. మళ్లీ భార్య దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె మీద ధ్యాస ఉండదు, ‘ఇవాళైనా అవుతుందా’ అని తన శరీరాన్నే గమనించుకుంటూ ఉంటాడు. ఆ ఆందోళనకు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. అది రక్తనాళాల కండరాలను బిగిస్తుంది. స్తంభనకు కావలసింది కండరాలు వదులవడం కాబట్టి, ఒక్క చుక్క తాగకపోయినా మళ్లీ అదే జరుగుతుంది. ధైర్యం కోసం మళ్లీ గ్లాసు పట్టాడంటే మత్తు, భయం రెండూ కలుస్తాయి. భార్య కూడా తాను నచ్చలేదేమోనని లోలోపల కుమిలిపోవచ్చు.

ఇది శరీర లోపమా, భయమా అని తెలుసుకునే గుర్తు ఒకటుంది. ఆరోగ్యవంతుడైన మగవాడికి నిద్రలో మూడు నాలుగుసార్లు దానంతటదే స్తంభన వస్తుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు కనిపించేది వాటిలో చివరిదే. అది మామూలుగా వస్తుంటే నరాలు, రక్తనాళాలు చాలావరకు బాగానే ఉన్నాయని అర్థం.

భయం విడిపోవడానికి మాస్టర్స్, జాన్సన్ చూపిన దారి చాలా సరళమైనది. కొన్నాళ్లపాటు సంభోగం వద్దని భార్యాభర్తలిద్దరూ ముందే అనుకోవాలి. ఇద్దరికీ ఇష్టమైనంత మేరకు కేవలం స్పర్శ, దగ్గరితనం, మాటలతో గడపాలి. నెగ్గాల్సిన పరీక్షే లేనప్పుడు భయానికి పట్టు దొరకదు. స్తంభన వచ్చినా దాని వెంట పరుగెత్తకుండా, నెమ్మదిగా ముందుకు సాగాలి. ఆ రోజుల్లో మందు జోలికి పోకూడదు. ‘ఆ రాత్రి ఎక్కువ తాగాను, అందుకే అలా అయింది, నీ వల్ల కాదు’ అని భార్యకు చెప్పేయడం వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

గోడల మీద రాతలు చూసి ‘పవర్’ క్యాప్సూల్స్ కొనడం ప్రమాదం. మూలికల పేరుతో అమ్మే వాటిలో సిల్డెనాఫిల్ కలిసి దొరికిన సందర్భాలు చాలా ఉన్నాయి. గుండెజబ్బుకు నైట్రేట్ మాత్రలు వాడేవారు అది మింగితే రక్తపోటు ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు.

మందు ముట్టకపోయినా ఇబ్బంది రెండు మూడు నెలలు కొనసాగినా, తెల్లవారుజామున స్తంభన కనిపించకపోయినా, షుగర్, బీపీ ఉన్నా, రోజూ తాగే అలవాటు ఉన్నా యూరాలజిస్టును కలవాలి. అంగంలోని సన్నని రక్తనాళాల్లో కనిపించే ఇబ్బంది కొందరిలో గుండెజబ్బుకు ముందస్తు సంకేతం కూడా. ఇవేవీ లేకుండా, తాగిన ఒక్క రాత్రి మాత్రమే అలా జరిగినవారికి ఏ మాత్రా అక్కర్లేదు.