రిజర్వులో పడ్డాక ఎంత దూరం?

పాత బైకులకు ట్యాంకు కింద ఒక కాక్ ఉండేది. పెట్రోలు అయిపోవచ్చి బండి దగ్గడం మొదలుపెడితే, ఎడం చెయ్యి కిందికి పోనిచ్చి దాన్ని రిజర్వుకు తిప్పేవాళ్లు. అదీ అయిపోతే బండిని ఓ పక్కకు వంచి లేపితే బంకు దాకా నడిచేది. పెట్రోలు తన బరువుకు తానే కార్బురేటర్లోకి దిగేది కాబట్టి, చుక్క లేకుండా ఆగిపోయినా చెడిపోయేదేమీ లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బైకులు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. పెట్రోలు కార్లయితే అంతకు ఎన్నో ఏళ్ల ముందే మారాయి. ఇప్పుడు ట్యాంకు లోపలే కరెంటు పంపు కూర్చుని ఉంటుంది. మన అలవాటు మాత్రం కాక్ కాలం నాటిదే.

డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగించేది ట్యాంకులో తేలే చిన్న బుడిపె. పెట్రోలు తగ్గేకొద్దీ అది కిందికి దిగుతుంది, ఒక మట్టం దాటగానే లైటు వెలుగుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు పెట్రోలు ఓ పక్కకు చేరుతుంది కాబట్టి లైటు వెలిగి, చదును రాగానే ఆరిపోవడమూ మామూలే.

అప్పటికి ఎంత మిగిలినట్టు? బండిని బట్టి మారుతుంది గానీ, మీ బండి లెక్క మీరే తేల్చుకోవచ్చు. ట్యాంకు 37 లీటర్లు పట్టే చిన్న కారే అనుకోండి. లైటు వెలిగిన వెంటనే బంకుకు వెళ్లి, గన్ తనంతట తాను ఆగేదాకా కొట్టించారు. 31.5 లీటర్లు పట్టింది. అంటే సుమారు 5.5 లీటర్లు మిగిలే ఉంది. అడుగున పంపుకు అందని కొంత పోగా వాడుకోదగ్గది నాలుగున్నర అనుకుందాం. హైవేలో లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారు దానితో 80 కిలోమీటర్లు వెళ్తుంది. అదే కారు ఏసీ వేసుకుని నగరం ట్రాఫిక్‌లో 11 ఇస్తే, యాభై దాటదు. నేనైతే అందులోనూ సగమే నమ్ముతాను.

ఇంకా ఇన్ని కిలోమీటర్లు నడుస్తుందని స్క్రీన్ చూపే అంకెనూ అలాగే చూడాలి. అది ఇటీవల మీరు నడిపిన తీరును బట్టి వేసిన అంచనా. హైవే దిగి ట్రాఫిక్‌లో పడగానే పది కిలోమీటర్లు నడిస్తే ఇరవై తగ్గినట్టు కనిపిస్తుంది.

ఇక పంపు సంగతి. ఆ చిన్న మోటారుకు విడిగా ఫ్యాను లేదు, గ్రీజు లేదు. అది తోడే పెట్రోలే మోటారు లోపలి నుంచి, తిరిగే భాగాలను తడుపుతూ పైకి పోతుంది. వేడిని లాక్కెళ్లేది అదే, అరుగుదలను ఆపేదీ అదే. వేసవిలో బావి అడుగంటితే నీళ్ల మోటారుకు పట్టే గతే దీనికీ పడుతుంది. చాలా కార్లలో పంపు చుట్టూ ఒక చిన్న గిన్నె ఉండి, ట్యాంకులో కొద్దిగానే ఉన్నా పంపును మునిగి ఉంచుతుంది. అందుకే లైటు వెలిగిన మరుక్షణం ప్రమాదమేమీ లేదు. ఆ గిన్నె కూడా ఖాళీ అయ్యేదాకా లాగితేనే చిక్కు. మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు పెట్రోలు పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. తడి లేక లోపలి చక్రం అరుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. ఒక్కసారితో పోకపోవచ్చు. నెలల తరబడి రిజర్వులోనే తిప్పితే దాని ఆయుష్షు తరుగుతుంది.

అడుగున ఉన్న చెత్త లోపలికి పోతుందని కొందరు మెకానిక్కులు చెప్పే మాటలో మాత్రం పస తక్కువ. ట్యాంకు నిండుగా ఉన్నా పంపు తోడేది అడుగు నుంచే కదా.

పంపు అలిసిందని చెప్పే గుర్తులున్నాయి. వెనక సీటు కింద నుంచి సన్నటి కూత పెరుగుతుంది. ఎక్కుడులోనో, ఓవర్‌టేక్ చేసేటప్పుడో ఇంజన్ అందుకోదు. ఎండలో నడిచాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్టవుతుంది. ఇవి వేరే లోపాల వల్లా రావచ్చు కాబట్టి, పంపు మార్చేముందు గేజ్ పెట్టి ప్రెషర్ చూడమని అడగండి.

దారిలో పూర్తిగా అయిపోతే, ఒక లీటరు సీసాతో సరిపెట్టక కారులో కనీసం ఐదు లీటర్లు పోయించండి. వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. తాళం ఆన్ చేసి రెండు మూడు సెకన్లు ఆగండి, ఆఫ్ చేయండి, మళ్లీ ఆన్ చేయండి. చాలా కార్లలో ఆన్ చేసిన ప్రతిసారీ పంపు కాసేపు తిరిగి పైపుల్లో పెట్రోలు నింపుతుంది. మూడు నాలుగుసార్లు అలా చేశాకే స్టార్ట్ చేయండి. డీజిల్ బండయితే ఇది చాలకపోవచ్చు. పైపుల్లో చేరిన గాలిని చేతి పంపు నొక్కి తీయాలి. పైగా ఇంజన్ దగ్గరుండే హైప్రెషర్ పంపుకు డీజిలే నూనె. అది పొడిగా తిరిగి అరిగితే ఆ లోహపు రజను ఇంజెక్టర్లలోకి చేరుతుంది, అప్పుడు బిల్లు పంపు ఒక్కదానితో ఆగదు.