కుర్చీలన్నీ నిండినా గిట్టని లెక్క

నెయిల్ స్టూడియోలో కుర్చీలు అద్దెకిచ్చే పద్ధతి చూడ్డానికి చాలా భరోసాగా ఉంటుంది. దుకాణం మీరు తీసుకుంటారు. టేబుళ్లు, కుర్చీలు, ఏసీ, దుమ్ము లాగే మిషన్లు మీరే పెడతారు. పని తెలిసిన అమ్మాయిలు నెలకింత అని కుర్చీ అద్దె కట్టి, తమ కస్టమర్లను తామే పిలుచుకుని, జెల్, టిప్స్, పాలిష్ తామే కొనుక్కుంటారు. జీతాల బాధ లేదు, సరుకు నిల్వ లేదు. ఐదు కుర్చీలు, ఐదు అద్దెలు, ఒకటో తారీఖుకల్లా డబ్బులు. అసలు లెక్క వేయకుండానే దుకాణానికి అడ్వాన్స్ ఇచ్చేసేది ఈ భరోసా వల్లే.

వేయాల్సిన లెక్క చిన్నదే. స్టూడియో ఖాళీగా ఉన్నా, నిండినా నెలనెలా తప్పని ఖర్చులు ఒకవైపు రాయాలి. ఒక కుర్చీ అద్దెలోంచి, ఆ కుర్చీలో మనిషి కూర్చున్నందువల్ల పెరిగే ఖర్చు తీసేస్తే చేతికి మిగిలేది రెండోవైపు రాయాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఎన్ని కుర్చీలు నిండితే ఖర్చులు వెళ్తాయో తేలుతుంది. బ్రేక్ ఈవెన్ అంటే అదే. అక్కడినుంచి పైన వచ్చేదే లాభం.

మొదటి లెక్క

ఉదాహరణకు హైదరాబాద్‌లో ఒక బస్తీ పెద్దరోడ్డు మీద, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఐదు టేబుళ్లు పట్టే దుకాణం అనుకుందాం. ఈ అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవి. మీ వీధిలో పలికే ధరలు మీరు పెట్టుకోండి.

అద్దె 35,000, మెయింటెనెన్స్ 3,000. రిసెప్షన్‌లో కూర్చునే మనిషికి 14,000, ఊడ్చి తుడిచే మనిషికి 5,000. ఏసీ, లైట్లకు కరెంటు 7,000. ఇంటర్నెట్, ఫోన్ కలిపి 1,500. రిపేర్లు, ట్రేడ్ లైసెన్సు, ఇన్సూరెన్సు నెలకు పంచుకుంటే 2,500. ఇంటీరియర్, ఫర్నిచర్, పొగ బయటికి తోసే ఎగ్జాస్ట్, పనిముట్లు శుభ్రంచేసే ఆటోక్లేవ్ అన్నిటికీ ఆరు లక్షలు పెట్టారనుకోండి. ఆ సామాను ఐదేళ్లు పనికొస్తుందనుకుంటే నెలకు 10,000 చొప్పున అరుగుతుంది. మొత్తం 78,000. దుకాణం అడ్వాన్స్ ఇందులో లేదు. అది తిరిగి వచ్చే డబ్బు కాబట్టి విడిగా ఉంచాలి.

కుర్చీ అద్దె 12,000 అనుకుందాం. మనిషి కూర్చుంటే దీపం, డ్రిల్లు, దుమ్ము లాగే మిషను తిరుగుతాయి. టవళ్లు ఉతికించాలి, టిష్యూలు, శానిటైజర్ మీరే ఇవ్వాలి. దానికి 1,500 పోతే కుర్చీకి మిగిలేది 10,500. ఇప్పుడు 78,000ని 10,500తో భాగించండి. ఏడున్నరకు దగ్గరగా వస్తుంది. సగం కుర్చీ ఎవరూ తీసుకోరు కాబట్టి ఎనిమిది అనుకోవాలి. దుకాణంలో ఉన్నవి ఐదే. అంటే ప్రతి కుర్చీ ఏడాది పొడవునా నిండి ఉన్నా నెలకు పాతికవేల పైన నష్టం. దుకాణం కళకళలాడుతూనే ఉంటుంది, యజమానురాలు మాత్రం సొంత డబ్బు పోస్తూనే ఉంటుంది.

అద్దె పెంచితే పోదా?

ఈ అంకె చూడగానే ఎవరికైనా తట్టేది కుర్చీ అద్దె ఇరవైవేలు చేద్దామనే. అక్కడే రెండో లెక్క వేయాలి. ఆ కుర్చీలో కూర్చునే అమ్మాయికి కూడా ఒక బ్రేక్ ఈవెన్ ఉంటుంది. ఆమెది కుదరకపోతే మీది కుదరదు.

ఆమె పని చూద్దాం. ఒకామెకు జెల్ పాలిష్ వేస్తుంది, ఇంకొకామెకు రెండు గంటలు కూర్చుని ఎక్స్‌టెన్షన్ పెడుతుంది, మరొకామెకు పాతది తీసేస్తుంది. సగటున మనిషికి వెయ్యి రూపాయల బిల్లు అనుకుందాం. టిప్స్, బిల్డర్ జెల్, బేస్, టాప్ కోట్, ఫైళ్లు, అసిటోన్, దూది కలిసి 200 పోతే 800 మిగులుతుంది. ఫోన్, రానుపోను ఖర్చులు, అరిగిపోయే డ్రిల్లు బిట్ల కింద నెలకు 2,000 వేసుకోండి. ఇదే అమ్మాయి ఇంకో సెలూన్‌లో జీతానికి చేరితే 20,000 వస్తుందనుకుంటే, ఆ మాత్రమైనా మిగలకుండా మీ దగ్గర ఎందుకుంటుంది? కాబట్టి జీతమంత 20,000, ఖర్చులు 2,000, మీ అద్దె 12,000 కలిపి 34,000. దాన్ని 800తో భాగిస్తే నెలకు 43 మంది కస్టమర్లు కావాలి. ఇరవయ్యారు పనిదినాల్లో రోజుకు ఇద్దరికి తక్కువే. సొంత కస్టమర్లు ఉన్న అమ్మాయికి ఇది సాధ్యమే.

అద్దె ఇరవైవేలు చేస్తే అదే లెక్క 53 మందికి పోతుంది. ముప్ఫై మందే వచ్చే అమ్మాయికి పన్నెండువేల అద్దె దగ్గరే చేతిలో పదివేలు మిగులుతాయి. ఆమె రెండు మూడు నెలలు చూసి జీతానికి వెళ్లిపోతుంది. అందుకే కుర్చీ అద్దెను మీ ఖర్చులను బట్టి పెట్టలేరు. ఆ చోట, ఆ ధరలకు, ఆ అమ్మాయికి వచ్చే కస్టమర్లను బట్టే పెట్టగలరు. ముందు పైకప్పు అక్కడ తేల్చుకుని, తర్వాత మీ ఖర్చులను దాని కిందికి దించుకోవాలి.

ఖర్చు దించిన లెక్క

ఈసారి లోపలి వీధిలో మొదటి అంతస్తు చూద్దాం. అద్దె 20,000, మెయింటెనెన్స్ 2,000. కుర్చీ తీసుకున్నవాళ్లు తమ అపాయింట్‌మెంట్లు తామే తీసుకుంటారు కాబట్టి రిసెప్షన్ మనిషి అక్కర్లేదు. శుభ్రానికి 5,000, కరెంటు 6,000, ఇంటర్నెట్ 1,500, రిపేర్లు, లైసెన్సు వగైరా 2,500. సామాను 4,80,000కి సర్దుకుంటే నెలకు 8,000. మొత్తం 45,000. దారిన పోతూ లోపలికి వచ్చే కస్టమర్లు ఇక్కడ తక్కువ. అందుకని కుర్చీ అద్దె కూడా 11,000కు తగ్గించాలి. 1,500 పోను 9,500 మిగులుతుంది.

భాగిస్తే 4.7, అంటే ఐదు కుర్చీలు. ఐదూ ఎప్పుడూ నిండి ఉంటేనే బొటాబొటీగా సరిపోతుంది. అలా ఎప్పుడూ ఉండవు. ఒకామె మానేశాక మరొకామె వచ్చేలోపు నెలో రెండు నెలలో కుర్చీ ఖాళీగా ఉంటుంది. అందుకే యజమానురాలికి పని వచ్చి ఉండాలి. ఒక కుర్చీలో తానే కూర్చుని, మిగతా నాలుగు అద్దెకిచ్చి, వాటిలో సగటున మూడే నిండుతాయని లెక్క వేసుకోవాలి.

మూడు కుర్చీల నుంచి 28,500 వస్తుంది. స్టూడియో ఖర్చుకు ఇంకా 16,500 కావాలి. తన శ్రమకు 20,000, తన పనిముట్లకు 2,000 కలిపితే 38,500. మనిషికి 800 చొప్పున ఆమె సొంతంగా 49 మందికి పని చేయాలి. రెండు కుర్చీలే నిండిన నెలలో అదే 60 అవుతుంది. ఈ రెండు అంకెలూ స్టూడియో తెరవకముందే చేతిలో ఉండాలి. తన శ్రమకు జీతం వేసుకోకుండా గిట్టుబాటు చూపించే లెక్క ఇంకొకరి కింద ఊరికే పనిచేసే లెక్కే.

బ్యాంకు అప్పు తీసుకుంటే ఇంకో చిన్న సవరణ చేయాలి. 4,80,000 అప్పుకు 12 శాతం వడ్డీ మీద ఐదేళ్ల కిస్తీ సుమారు 10,700 వస్తుంది. అరుగుదల కింద రాసుకున్న 8,000 తీసేసి దీన్ని పెట్టుకోవాలి.

నిండేదాకా కావాల్సిన డబ్బు

తెరిచిన రోజే మూడు కుర్చీలు నిండవు. మొదటి రెండు నెలలు ఒకటి, తర్వాతి రెండు నెలలు రెండు, ఐదో నెల నుంచి మూడు అనుకుందాం. సామాను డబ్బు ముందే పెట్టేశారు కాబట్టి నెలనెలా చేతినుంచి వెళ్లేది 37,000. మొదటి రెండు నెలల్లో 27,500 చొప్పున, తర్వాతి రెండింటిలో 18,000 చొప్పున, ఐదు, ఆరు నెలల్లో 8,500 చొప్పున తగ్గుతుంది. కలిపితే 1,08,000. మీ సొంత కస్టమర్లు దీన్ని కొంత పూడుస్తారు, కానీ ఆ డబ్బుతో ఇల్లు గడవాలి కూడా. కాబట్టి సామానుకు, అడ్వాన్సుకు పెట్టినది కాక ఈ లక్షా ఎనిమిదివేలు ముట్టుకోకుండా పక్కన ఉండాలి. స్టూడియో నిలదొక్కుకోకముందే మూసేయాల్సి వచ్చేది చాలాసార్లు ఈ డబ్బు లేకే.

ఆషాఢం, మూఢం వచ్చినప్పుడు పెళ్లిళ్లుండవు. ఎక్స్‌టెన్షన్లు అడిగేవాళ్లు తగ్గుతారు. కుర్చీలోని అమ్మాయి ఈ నెల అద్దె కొంచెం ఆగి ఇస్తానక్కా అంటుంది. ఐదో తారీఖున వచ్చే అద్దె పదిహేనుకు జారడం మొదలైందంటే ఆమె లెక్క 43కి కిందికి దిగిందని అర్థం. అప్పుడు దబాయించి ప్రయోజనం లేదు. ఎంతమంది వస్తున్నారో ఆమెనే అడిగి తెలుసుకుని, అవసరమైతే ఆ నెలకు అద్దె తగ్గించి మనిషిని నిలుపుకోవడం, రెండు నెలలు ఖాళీ కుర్చీ చూడడం కన్నా చవక. నెలకు 3,000 చొప్పున రెండు నెలలు తగ్గిస్తే పోయేది 6,000. కుర్చీ రెండు నెలలు ఖాళీగా ఉంటే పోయేది 19,000. చేరేటప్పుడే ఒక నెల అద్దె అడ్వాన్సుగా తీసుకుని, మానేయాలంటే నెల ముందు చెప్పాలని రాసుకుంటే ఈ దెబ్బ ఇంకా తగ్గుతుంది.

కాగితాల్లో దాగిన ఖర్చులు

దుకాణం అగ్రిమెంటులో ఇంకొకరికి అద్దెకివ్వకూడదనే షరతు మామూలుగా ఉంటుంది. కుర్చీ ఇవ్వడం కూడా దాని కిందికి వస్తుందని ఓనర్ పేచీ పెట్టొచ్చు. కుర్చీలు ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు, ఎగ్జాస్ట్ గొట్టం గోడలోంచి బయటికి తీయడానికి ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. యాక్రిలిక్ వాసన పై అంతస్తుకు వెళ్తే మొదటి ఫిర్యాదు అక్కడినుంచే వస్తుంది.

ఓనర్ జీఎస్టీ కడుతున్నారేమో అడగండి. కడుతుంటే 20,000 అద్దె మీద 18 శాతం కలిసి 23,600 అవుతుంది. మీకు రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ 3,600 వెనక్కి రాదు. 49 మంది లెక్క 53కి చేరుతుంది.

కస్టమర్లు డబ్బు ఎవరి క్యూఆర్ కోడ్‌కు కొడుతున్నారో కూడా చూసుకోండి. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. నాలుగు కుర్చీల్లో ఒక్కొక్కరికి నెలకు 43,000 వచ్చినా ఏడాదికి 20 లక్షలు దాటుతుంది. అదంతా మీ ఖాతాలో పడితే మీ రాబడిలాగే కనిపిస్తుంది. ఎవరి కోడ్ వాళ్ల టేబుల్ మీద ఉండాలి. మీ ఖాతాలో మీ కస్టమర్ల డబ్బు, కుర్చీ అద్దెలు మాత్రమే పడాలి.

అగ్రిమెంటు మీద సంతకానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. కుర్చీ తీసుకుంటామన్న అమ్మాయిలతో కూర్చుని, పోయిన మూడు నెలల్లో వాళ్ల సొంత ఫోన్‌కు వచ్చిన కస్టమర్లను లెక్కపెట్టించండి. పాత సెలూన్‌కు వచ్చినవాళ్లను అందులో కలపకండి, వాళ్లు సెలూన్ కస్టమర్లు. నెలకు నలభై దాటినవాళ్లు ఇద్దరు దొరికి, ఒక నెల అద్దె ముందే చేతిలో పెట్టి, మీరు నెలకు అరవై మందికి పని చేయగలిగితే ఈ స్టూడియో చెడ్డ నెలల్లో కూడా నిలబడుతుంది. ఆ ఇద్దరు దొరకలేదంటే వెతకాల్సింది ఇంకా చిన్న దుకాణాన్ని.