పాపికొండలకు వాయవ్యం నుంచి వెలుగు

స్కూలు అట్లాసులో తూర్పు కనుమల పేజీ తీస్తే గోదావరి మైదానం ఆకుపచ్చగా, కొండలు గోధుమ రంగులో ఉంటాయి. ఏ చోటు ఎంత ఎత్తులో ఉందో పక్కనున్న రంగుల పట్టీ చూసి చెప్పొచ్చు. పాపికొండల మధ్య గోదావరి ఎంత ఇరుకు దారిలో దూరి వస్తుందో, ఏ కొండ నిటారుగా నీళ్లలోకి దిగుతుందో మాత్రం ఆ రంగులను చూసి తెలుసుకోలేం. రంగు ఎత్తును చెబుతుంది, వాలును చెప్పాల్సింది నీడ. కంప్యూటర్ లెక్కగట్టే ఈ నీడనే హిల్‌షేడ్ అంటారు. దాన్ని రంగుల మీద పరిచేటప్పుడు రంగు చెప్పే మాట చెడకుండా చూడటమే ఇందులో అసలు పని.

ముందు ఎత్తుల లెక్కలు కావాలి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల యాత్రలో రాడార్‌తో భూమి మీది నేలలో అధిక భాగం ఎత్తులు కొలిచింది. ఎస్‌ఆర్‌టీఎం అని పిలిచే ఆ డేటా ఎవరికైనా ఉచితం. అది ఒక్కో డిగ్రీ చదరం చొప్పున ముక్కలుగా దొరుకుతుంది. మనకు కావలసిన ముక్క `N17E081`. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం, పాపికొండలు, మారేడుమిల్లి అడవులు, పోలవరం అన్నీ ఇందులోనే ఉన్నాయి. పోలవరం ప్రాజెక్టుకు ముందు కొలిచిన ఎత్తులు కాబట్టి నది ఇందులో తన పాత మట్టంలోనే కనిపిస్తుంది. నేలనంతా సుమారు 30 మీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు రాసి పెట్టారు.

నీడ లెక్క ఈ గడుల మీదే నడుస్తుంది. ఒక గడిని, దాని చుట్టూ ఉన్న ఎనిమిదింటిని కలిపి చూస్తే నేల ఎటు, ఎంత వాలిందో తెలుస్తుంది. నది తూర్పు ఒడ్డున, పడమటికి దిగే ఒక కొండవాలు తీసుకుందాం. పడమటి వరుసలోని మూడు గడులూ 300 మీటర్లు, నడిమివి 315, తూర్పువి 330 అనుకుంటే, 60 మీటర్ల దూరంలో నేల 30 మీటర్లు లేచినట్టు. అంటే వాలు దాదాపు 27 డిగ్రీలు. ఇప్పుడు సూర్యుణ్ణి వాయవ్యంలో, అంటే ఉత్తరం నుంచి సవ్యంగా 315 డిగ్రీల దగ్గర, నేలకు 45 డిగ్రీల ఎత్తులో ఉంచుతాం. నేల వెలుగుకు ఎంత ఎదురుగా తిరిగి ఉంటే గడి అంత తెల్లబడుతుంది. 0 నలుపు, 255 తెలుపు అనుకుంటే ఈ వాలుకు 218 వస్తుంది. ఇంతే వాలుతో తూర్పుకు దిగే అవతలి పక్కకు 104 వస్తుంది. వాలే లేని చదును నేలకు 180. ఈ 180తో మనకు మళ్లీ పని పడుతుంది.

లెక్క చేయించడానికి జీడాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు ఆదేశాలు చాలు.

```
gdalwarp -t_srs EPSG:32644 -tr 30 30 -r bilinear N17E081.hgt dem.tif
gdaldem hillshade -az 315 -alt 45 dem.tif shade.tif
```

మొదటి ఆదేశం వదిలేసిన వాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. దించుకున్న ముక్కలో దూరాలు డిగ్రీల్లో, ఎత్తులు మీటర్లలో ఉంటాయి. ఆ తేడాను పట్టించుకోకుండా లెక్కించే సాఫ్ట్‌వేర్ దృష్టిలో గడి వెడల్పు మీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు, ప్రతి మిట్టా నిలువు గోడే అవుతుంది. అప్పుడు పటమంతా నలుపు తెలుపు చుక్కల గందరగోళంగా వస్తుంది. అందుకే ముందు దాన్ని మీటర్ల కొలతలోకి మారుస్తాం. ఆ ఆదేశంలోని `bilinear` కూడా ముఖ్యమే. అది లేకపోతే ఒక్కో గడికి పక్కనున్న ఎత్తునే యథాతథంగా అంటిస్తుంది. రంగుల్లో ఆ తేడా కనబడదు గానీ, నీడలో బట్టకు నేత గీతల్లా అడ్డంగా, నిలువుగా సన్నటి చారలు తేలతాయి.

మన సూర్యుడు వాయవ్యంలో అంత ఎత్తున ఎప్పుడూ ఉండడు, నిజమే. నడి వేసవిలో అస్తమించే వేళ కూడా పడమరకు కొంచెం ఉత్తరంగా జరుగుతాడంతే. అయినా పటానికి ఆ వెలుగే ఎందుకంటే, వెలుగు పైనుంచి వస్తుందనుకోవడం మన కంటికి అలవాటు. `-az 135` అని మార్చి, కింది మూల నుంచి వెలుగు వేసి చూడండి. చాలామందికి పాపికొండల లోయ తిరగబడి, గోదావరి పొడుగాటి గట్టు మీద పారుతున్నట్టు కనిపిస్తుంది. పైగా తూర్పు కనుమల గట్లు ఎక్కువగా ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. వాయవ్యపు వెలుగు వాటికి అడ్డంగా పడి బాగా తేలుస్తుంది. వెలుగు వచ్చే దారిలోనే సాగే గట్లు మాత్రం చప్పబడిపోతాయి. అవి ముఖ్యమైతే `-az 315`కు బదులు `-multidirectional` అని అడగొచ్చు, నాలుగు దిక్కుల వెలుగును కలిపి లెక్కిస్తుంది.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఈ నీడ కొండ మీద ఉండేదే గానీ, కొండ అవతలికి వేసేది కాదు. తన చుట్టూ ఉన్న ఎనిమిది గడులు తప్ప వెనకున్న శిఖరం సంగతి ఏ గడికీ తెలియదు. అందుకే లోయ అడుగున నది, రెండు పక్కలా కొండలున్నా, మైదానంలాగే 180 దగ్గరే ఉంటుంది.

ఇక రంగులు. ఈ ముక్కలో దక్షిణాన కొన్ని పదుల మీటర్ల ఎత్తున్న మైదానం నుంచి వెయ్యి మీటర్లు దాటే కొండల దాకా ఉంది. ఎత్తును సమాన భాగాలు చేస్తే మైదానమంతా ఒకే రంగులో మునిగిపోతుంది. కాబట్టి కింద 0, 50, 150 అని దగ్గర దగ్గరగా, పైన 400, 800, 1300 అని దూరదూరంగా మెట్లు పెట్టడం మేలు. అలవాటు కొద్దీ కింద ముదురు ఆకుపచ్చ వేస్తే చదివేవాళ్లు అడవి అనుకుంటారు. ఇక్కడ అడవి కొండల మీద, పొలాలు కింద. నేనైతే కింద లేత బూడిద కలిసిన పచ్చ, పైన లేత గోధుమ వేస్తాను.

ఇప్పుడు కలపాలి. క్యూజీఐఎస్‌లో నీడ పొరను పైన పెట్టి `Multiply` ఎంచుకోవడం అందరూ చేసే పని. రంగును నీడ సంఖ్యతో గుణించి 255తో భాగించడమే అది. మన కొండవాలు రంగు ఎరుపు 214, పచ్చ 200, నీలం 150 అనుకోండి. అదే ఎత్తులో చదునుగా ఉన్న చోట అది 151, 141, 106కు పడిపోతుంది. నీడే లేని నేల మూడో వంతుకు దగ్గరగా చీకటిపడింది. పటంలో దాన్ని చూసినవాళ్లు రంగుల పట్టీలో వెతికితే, 800 మీటర్లకు పెట్టిన ముదురు గోధుమే దగ్గరగా అనిపిస్తుంది. మైదానమంతా మురికిగా కనిపించడానికి కారణమూ ఇదే.

అందుకని 180ని తటస్థంగా తీసుకోవాలి.

```
కొత్త రంగు = రంగు × (1 + 0.6 × (నీడ − 180) / 180)
```

చదును నేల ఇప్పుడు 214, 200, 150గానే ఉంటుంది, పట్టీతో సరిగ్గా కలుస్తుంది. వెలుగు పక్క 241, 225, 169 అవుతుంది. నీడ పక్క 160, 149, 112 దగ్గర ఆగుతుంది. అది ముదురే గానీ ఇంకా అదే రంగని గుర్తుపట్టొచ్చు. 0.6 అనేది నీడ బలం. దాన్ని పెంచే కొద్దీ కొండలు గట్టిగా లేస్తాయి, పేర్లు చదవడం కష్టమవుతుంది. ఊళ్ల పేర్లు ఎక్కువగా ఉన్న పటానికి 0.4 చాలు. శిఖరాలకు తెలుపు వేయకండి. 250 ఉన్న రంగు వెలుగు పక్కన 255 దాటబోయి అక్కడే ఆగిపోతుంది, ఆ వాలులోని వివరమంతా పోతుంది. పై మెట్టుకు కూడా 220 దగ్గర ఆపితే, మన్యంలోని ఎత్తయిన గట్ల మీద సన్నటి వాగుల చీలికలు సైతం నిలుస్తాయి.

అచ్చుకు పంపే ముందు ఒక పరీక్ష చేయండి. రాజమహేంద్రవరం వైపు మైదానంలో ఒక చోటి రంగును, పట్టీలోని అదే ఎత్తు రంగును పక్కపక్కన కొలిచి చూడండి. రెండూ దాదాపు ఒకే సంఖ్యలు రాకపోతే కలపడంలోనే ఎక్కడో నీడ మిగిలినట్టు.