అంకె ఒకటే, అర్థాలు రెండు

ఎక్స్‌పైరీ దగ్గరపడుతుంటే ఆప్షన్లు ఆడేవాళ్ల మధ్య ఒక మాట తప్పక నలుగుతుంది. ‘నిఫ్టీ పీసీఆర్ 1.3 దాటింది, కింద గట్టి సపోర్ట్ ఉంది, కాల్ కొనండి’ అంటారొకరు. ‘1.3 అంటే శ్రుతి మించింది, ఇక పడుతుంది’ అంటారు మరొకరు. ఇద్దరూ చూసింది ఒకే అంకెను. దాన్ని నమ్మి డబ్బు పెట్టేముందు అది దేన్ని లెక్కిస్తుందో తెలుసుకోవాలి.

ఒక నిర్ణీత ధరకు కొనే హక్కు కాల్, అమ్మే హక్కు పుట్. ఆ ధరే స్ట్రైక్. ఇంకా మూసేయకుండా మిగిలి ఉన్న ఒప్పందాల మొత్తం ఓపెన్ ఇంటరెస్ట్, వాడుకలో ఓఐ. పుట్‌ల ఓఐని కాల్స్ ఓఐతో భాగిస్తే వచ్చేది పుట్-కాల్ రేషియో, అంటే పీసీఆర్. పుట్‌లు కోటీ ముప్పై లక్షలు, కాల్స్ కోటి ఉంటే 1.3.

చిక్కంతా ఓఐ పుట్టే తీరులోనే ఉంది. సుజాత 23,000 పుట్ ఒక లాట్ కొన్నారనుకుందాం, అమ్మింది రమేశ్. ఇద్దరూ కొత్తగా దిగినవాళ్లే కాబట్టి ఓఐ ఒక లాట్ పెరుగుతుంది. మర్నాడు సుజాత తన లాట్‌ను కృష్ణకు అమ్మేస్తే ఓఐ మారదు, చేతులు మారతాయంతే. ప్రతి లాట్‌కూ ఒక కొనుగోలుదారు, ఒక అమ్మకందారు ఉంటారు. మార్కెట్ పడితే సుజాతకు లాభం, పడకపోతే రమేశ్‌కు. మరి పెరిగిన ఆ ఒక్క లాట్ ఎవరి పక్షం?

పైగా సుజాత మార్కెట్ పడుతుందనే కొన్నారని కూడా చెప్పలేం. చేతిలో ఉన్న షేర్లకు బీమాగా కొని ఉండొచ్చు. 23,200 పుట్ అమ్మి, నష్టం హద్దు దాటకుండా 23,000 పుట్ కొని ఉండొచ్చు. అప్పుడామె మార్కెట్ పడకూడదని కోరుకుంటున్నట్టే. ఆప్షన్ చెయిన్‌లో ఇవేవీ కనబడవు.

మన దగ్గర ఆప్షన్లు అమ్మేవాళ్లను పెద్ద చేతులుగా భావించి, పుట్ ఓఐ పెరిగితే సపోర్ట్ అంటారు. అమెరికాలో పాత పద్ధతి వేరు: పుట్‌లు పెరిగితే జనం భయపడుతున్నారని చదివి, ఆ భయం మరీ ఎక్కువైనప్పుడు ఎదురు కొనమంటారు. దారులు వేరైనా రెండూ ఊహ మీద నిలబడ్డవే.

ఇంకో సంగతి. పీసీఆర్ తరచుగా ధర వెనకాలే నడుస్తుంది. సూచీ ఎగబాకితే దిగువ స్ట్రైకుల్లో పుట్‌లు అమ్మడానికి ధైర్యం వస్తుంది, కాల్ అమ్మినవాళ్లు నష్టానికి తిరిగి కొని బయటపడతారు. రేషియో పెరుగుతుంది. పడితే దీనికి తలకిందులు. అందుకే సాయంత్రం చార్టు చూస్తే రెండు గీతలూ జంటగా కదిలినట్టుంటాయి. అది జోస్యం ఫలించడం కాదు, నీడ కదలడం.

2024 జూన్ మొదటి వారాన్ని గుర్తు చేసుకోండి. ఎగ్జిట్ పోల్స్ తర్వాత, 3వ తేదీన నిఫ్టీ 3 శాతానికి పైగా ఎగసి 23,264 దగ్గర ముగిసింది. ఆ ఉత్సాహంలో 23,000 పుట్ అమ్మినవారికి ఆ స్ట్రైక్ గోడలా కనబడి ఉంటుంది. ఫలితాలు వెలువడిన 4న సూచీ దాదాపు 6 శాతం పడి 21,884.50 వద్ద ముగిసింది. అంటే ఆ స్ట్రైక్‌కు 1,115 పాయింట్ల కింద. అప్పటి 25 లాట్ లెక్కన, వచ్చిన ప్రీమియం తీసేయకముందు, లాట్‌కు 27,900 రూపాయల దాకా భారం. 7వ తేదీ ముగింపుకల్లా నిఫ్టీ మళ్లీ 23,290కి చేరింది. ఆ పతనానికీ, ఆ లేవడానికీ కారణం సీట్ల లెక్కలు, ప్రభుత్వ ఏర్పాటుపై అంచనాలు. ముందురోజు ఓఐలో అవి ఉండే వీలే లేదు.

ఈ రేషియోలో సమాచారం బొత్తిగా లేదనీ అనలేం. అమెరికా ఆప్షన్లపై పాన్, పోటెష్‌మన్ 2006లో ప్రచురించిన పరిశోధన విడి షేర్ల విషయంలో కొంత ముందస్తు సూచన ఉందని చూపింది. అయితే వాళ్లు వాడింది కొత్తగా కొన్నవారి లావాదేవీలను విడదీసిన డేటా. అది మదుపరులకు అందుబాటులో లేనిది. సూచీ ఆప్షన్లలో మాత్రం అలాంటి ముందస్తు సమాచారం ఉన్న ఆనవాలు వాళ్లకు దొరకలేదు. మనం రోజూ చూసేది సూచీ పీసీఆర్‌నే, అదీ ఎవరు కొన్నారో ఎవరు అమ్మారో తెలియకుండా!

ఏ స్ట్రైక్‌లో జనం గుమిగూడారో, ఎక్కడ సులువుగా కొని అమ్ముకోవచ్చో ఓఐ చెబుతుంది. అంతవరకు దాన్ని వాడుకోండి. దిశ చెబుతుందని ఎవరైనా అంటే, డబ్బు పెట్టకముందు ఒక నోట్‌బుక్ తీయండి. అరవై రోజులు మార్కెట్ ముగిశాక ఆ రోజు పీసీఆర్ ఎంత మారిందో రాయండి. పక్కన ఆ రోజు నిఫ్టీ మార్పు, దాని పక్కన మర్నాటి మార్పు రాయండి. మొదటి జత ఎన్నిసార్లు కలిసిందో, మర్నాటితో ఎన్నిసార్లు కలిసిందో మీరే లెక్కపెట్టి చూసుకోండి.